సైడ్ ప్రొఫైల్ స్ప్లైన్ కోంబ్‌లో అలలు: ఏ పాయింట్‌ని జరపాలి?

ప్రశ్న: "మౌస్ సైడ్ ప్రొఫైల్‌ని ఫోటో మీద స్ప్లైన్‌తో ట్రేస్ చేశాను, మొత్తం 11 పాయింట్లు. స్క్రీన్ మీద గీత నున్నగానే ఉంది. కానీ ప్రింట్ తీసి గ్లాసీ పెయింట్ కొట్టాక పైన లైట్ రిఫ్లెక్షన్ వంకరటింకరగా పోతోంది. కర్వేచర్ కోంబ్ ఆన్ చేస్తే అంతా అలలే. ఏ పాయింట్‌ని ఎటు జరపాలి?"

ఏ పాయింట్‌నీ జరపకండి. ఆ స్ప్లైన్‌ని రిఫరెన్స్‌గా ఉంచి లాక్ చేసేయండి. దాని మీద డిగ్రీ 5 పెట్టి, 6 కంట్రోల్ పాయింట్లతో ఒక కొత్త కర్వ్ గీయండి. మౌస్ పై గీత లాంటి ఆకారానికి అంతకంటే ఎక్కువ పాయింట్లు అక్కర్లేదు. 11 పాయింట్ల గీతని ఒక్కో పాయింట్ జరుపుతూ సరిచేయాలని కూర్చుంటే ఒక చోట అల తగ్గి పక్కన లేస్తుంది, దాన్ని నొక్కితే ఇంకో చోట లేస్తుంది. సాయంత్రం వరకూ అదే పని.

ఎందుకో చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే, గీత వంపుని పళ్లలా నిలబెట్టి చూపించే ఆ కోంబ్‌ని చదవడం దానంతట అదే వస్తుంది.

మీరు వాడింది ఫిట్ పాయింట్ స్ప్లైన్, అంటే పెట్టిన ప్రతి పాయింట్ గుండా గీత కచ్చితంగా వెళ్లాలి. ఫోటో అంచు మీద మౌస్‌తో క్లిక్ చేసేటప్పుడు చెయ్యి 0.1 మి.మీ. అటూ ఇటూ పోవడం మామూలే. పాయింట్ల మధ్య దూరం సుమారు 10 మి.మీ. అనుకోండి. ఒకటి 0.1 పైకి, తర్వాతది 0.1 కిందికి పడితే 20 మి.మీ. పొడవున్న ఒక అల పుడుతుంది. ఆ అల వల్ల అదనంగా వచ్చే వంపు ఎంతో లెక్క చూడండి:

```
k = A * (2*pi/L)^2
A = 0.1, L = 20   ->   k = 0.0099
R = 100 mm        ->   k = 1/R = 0.0100
```

గీత అసలు వ్యాసార్థం 100 మి.మీ. అయితే, ఈ 0.1 మి.మీ. అల దాని వంపుని ఒక చోట రెట్టింపు చేస్తుంది, అంటే అక్కడ 50 మి.మీ. వ్యాసార్థం. పక్క చోట పూర్తిగా చదును చేసేస్తుంది. గీతను చూస్తే మాత్రం 0.1 మి.మీ. తేడా కంటికి ఆనదు. రిఫ్లెక్షన్ కథ వేరు. అది ఉపరితలం ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి కదులుతుంది. ఈ అల మీద వాలు దాదాపు 1.8 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, ప్రతిబింబం దానికి రెట్టింపు, అంటే 3.6 డిగ్రీలు ఊగుతుంది. అందుకే స్క్రీన్ మీద నున్నగా ఉన్నది పెయింట్ పడ్డాక బయటపడింది. కోంబ్ ఆ పెయింట్ చూపించేదాన్నే ముందుగా చూపిస్తుంది.

మౌస్ ముందు భాగంలో పరిస్థితి ఇంకా సున్నితం. అక్కడ గీత దాదాపు చదునుగా, 330 మి.మీ. వ్యాసార్థంతో ఉందనుకుంటే, 0.03 మి.మీ. దాటిన అల చాలు వంపు తలకిందులై చిన్న గుంట పడటానికి. అది వెంట్రుక మందం కన్నా తక్కువ. ఏ ఫోటో మీదా అంత కచ్చితంగా క్లిక్ చేయడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఇది మీ చెయ్యి తప్పు కాదు, పద్ధతిలో ఉన్న సమస్య.

కోంబ్ చదివే ముందు దాన్ని సెట్ చేసుకోవాలి

కోంబ్‌లో ప్రతి పన్నూ గీతకి లంబంగా నిలబడుతుంది, దాని పొడవు ఆ చోట ఉన్న వంపు, అంటే 1/వ్యాసార్థం. సరళ రేఖకి పళ్లు ఉండవు, వృత్త ఖండానికి అన్నీ ఒకే ఎత్తు. సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఇది Rhino లో `CurvatureGraph`, SolidWorks లో కర్వ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే `Show Curvature Combs`, Fusion లో `Toggle Curvature Display`.

స్కేల్‌ని అన్నిటికన్నా పొడవైన పన్ను గీత పొడవులో మూడో వంతు ఉండేలా పెట్టండి. డెన్సిటీ బాగా పెంచండి, పళ్లు పలచగా ఉంటే రెండు పళ్ల మధ్య ఉన్న బంప్ దాక్కుంటుంది. తర్వాత పని అయ్యేదాకా స్కేల్ ముట్టుకోవద్దు. స్కేల్ పెంచితే ఎంత మంచి కర్వ్ అయినా భయంకరంగా కనిపిస్తుంది, తగ్గిస్తే ఎంత చెడ్డదైనా బాగుపడినట్టు అనిపిస్తుంది.

ఇంకో మాట, చిన్న రౌండ్ ఏదైనా అదే గీతలో ఉంటే దాన్ని వేరు చేసి దాచండి. కింద అంచు దగ్గర 4 మి.మీ. రౌండ్ ఉందనుకోండి, దాని వంపు 0.25. పైన గీతలో ఎక్కడా 0.02 దాటదు. రెండూ ఒకే కోంబ్‌లో ఉంటే రౌండ్ పళ్లు స్క్రీన్ అంతా నిండిపోయి, అసలు చూడాల్సిన మౌస్ పై గీత తాలూకు కోంబ్ ఆ గీతకే అతుక్కుపోయినట్టు ఉంటుంది.

చూసేటప్పుడు పళ్లని కాదు, పళ్ల చివరలని కలిపే పై గీతని చూడండి. అదే అసలు విషయం. ఆ పై గీత ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టండి. ప్రతి లేవడానికీ మీ దగ్గర కారణం ఉండాలి. మౌస్‌కి నేనైతే కాగితం మీద ముందే ఇలా గీసుకుంటాను: ముందు దాదాపు సున్నా, వెనక్కి పోతున్నకొద్దీ నిదానంగా పెరిగి, అరచేయి కూర్చునే వెనక భాగంలో గరిష్ఠం, చివర కొద్దిగా తగ్గుదల. ఒక్క గుట్ట. కోంబ్‌లో రెండో గుట్ట కనిపిస్తే అది నేను అడగనిది, తీసేయాల్సిందే. ఏం కావాలో ముందే నిర్ణయించుకోకుండా కోంబ్ ఆన్ చేస్తే ఏది బంప్, ఏది డిజైన్ అని తేల్చుకునే ఆధారమే ఉండదు.

కోంబ్ గీతకి ఒక వైపు నుంచి రెండో వైపుకి దాటితే అక్కడ వంపు దిశ మారింది. మీ గీతకి ఎక్కడా గుంట అక్కర్లేకపోతే అది ఒక్కసారి కూడా దాటకూడదు.

కోంబ్ పై గీత నున్నగా పోతూ ప్రతి పాయింట్ దగ్గరా ఒక చిన్న మూల తిరుగుతోందా? మీ దానిలో తప్పకుండా ఉంటుంది. మామూలు ఫిట్ పాయింట్ స్ప్లైన్ చాలా సాఫ్ట్‌వేర్లలో డిగ్రీ 3 ముక్కల గొలుసు. ముక్కలు కలిసే చోట వంపు సమానంగానే ఉంటుంది కానీ వంపు మారే వేగం ఒక్కసారిగా మారుతుంది. 11 పాయింట్లంటే 10 ముక్కలు, లోపల 9 మూలలు. ఎంత జరిపినా ఆ మూలలు పూర్తిగా పోవు. డిగ్రీ 5తో 6 కంట్రోల్ పాయింట్లున్న కర్వ్ ఒకే ముక్క, లోపల అతుకే లేదు, కాబట్టి మూల పుట్టే అవకాశమే లేదు. నేను మొత్తంగా కొత్తది గీయమనడానికి ప్రధాన కారణం ఇదే.

ఇక గీద్దాం

Fusion లో `Control Point Spline` డిగ్రీ 5, SolidWorks లో `Style Spline`, Rhino లో `Curve` కమాండ్‌లో డిగ్రీ 5 పెట్టి 6 క్లిక్‌లు. కంట్రోల్ పాయింట్లలో మొదటిదీ చివరిదీ తప్ప ఏదీ గీత మీద ఉండదు, గీతని తమ వైపు లాగుతుంటాయి, అంతే. మీ మౌస్ కొలతలు నాకు తెలియవు కాబట్టి 112 మి.మీ. పొడవున్న ఒక మౌస్‌ని తీసుకుంటాను, అంకెలు పెట్టి మీరే వేసి చూడొచ్చు:

```
P1   0, 12
P2  20, 24
P3  44, 36
P4  70, 43
P5  96, 36
P6 112, 12
```

దీని శిఖరం ముందు నుంచి 67 మి.మీ. దూరంలో, దాదాపు 35 మి.మీ. ఎత్తులో వస్తుంది. కోంబ్ వెంట నడిస్తే వ్యాసార్థం ముందు చివర 330, గీతలో పావు వంతు దాటేసరికి 160, సగం దగ్గర 83, శిఖరం దాటాక 65, వెనక వాలులో 50కి దిగి, చివర మళ్లీ 59. ఒక్క గుట్ట. నేను కాగితం మీద గీసుకున్నది ఇదే.

ఇప్పుడు P3ని 2 మి.మీ. పైకి జరపండి, 44, 38కి. గీత ఎక్కడా 0.7 మి.మీ. మించి కదలదు. కానీ ముందు చివర వ్యాసార్థం 330 నుంచి దాదాపు 2000కి పోతుంది, అంటే ముందు భాగం కర్ర పెట్టి గీసినట్టు అయిపోతుంది. ఇంకో 1 మి.మీ. పైకి, 44, 39కి జరిపితే కోంబ్ ముందు భాగంలో అవతలి వైపుకి దాటేస్తుంది, గుంట పడింది. ఇంత చిన్న కదలికకి ఇంత మార్పు ఎందుకంటే, ఏ చివరైనా వంపుని ఆ చివర నుంచి మొదటి మూడు పాయింట్లే నిర్ణయిస్తాయి:

```
k = (4/5) * h / a^2
```

ఇందులో `a` అంటే మొదటి రెండు పాయింట్ల మధ్య దూరం, `h` అంటే మూడో పాయింట్ ఆ రెండిటినీ కలిపే రేఖ నుంచి ఎంత పక్కకి ఉందో ఆ దూరం. పై అంకెల్లో ముందు చివర `h` 2 మి.మీ. పైచిలుకు మాత్రమే. మూడో పాయింట్‌ని 2 మి.మీ. పైకి జరపగానే అది దాదాపు అయిపోయింది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే కోంబ్ సరిచేయడంలో గుడ్డిగా లాగడం ఆగిపోతుంది.

దీనిలో నాకు రోజూ పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. చివర వంపు బాగానే ఉంది, కానీ కోంబ్ అక్కడి నుంచి మరీ త్వరగా లేస్తోంది లేదా పడుతోంది అనుకోండి. అప్పుడు మూడో పాయింట్‌ని మొదటి రెండు పాయింట్ల రేఖకి సమాంతరంగా జరపండి. `h` మారదు కాబట్టి చివర పన్ను ఎత్తు అలాగే ఉంటుంది, లోపల కోంబ్ ఆకారం మాత్రం మారుతుంది. చివర పన్నే తక్కువగా ఉందంటే మూడో పాయింట్‌ని రేఖ నుంచి దూరంగా నెట్టండి, లేదా రెండో పాయింట్‌ని చివరకి దగ్గరగా తెండి. `a` వర్గం కింద ఉంది కాబట్టి రెండో పాయింట్ చాలా గట్టిగా పనిచేస్తుంది, దాన్ని చాలా కొద్దికొద్దిగా జరపాలి. అది కూడా మొదటి రెండు పాయింట్ల రేఖ మీదే జరపాలి, లేకపోతే టాంజెంట్ దిశ తప్పుతుంది.

కోంబ్ ఆన్ చేయకుండానే చూడగలిగేది ఇంకోటి. కంట్రోల్ పాయింట్లని వరసగా సరళ రేఖలతో కలిపి చూడండి, సాఫ్ట్‌వేర్ ఎలాగూ చూపిస్తుంది. ఆ విరిగిన గీత అంతా ఒకే వైపు తిరుగుతుంటే కర్వ్‌లో గుంట పడటం అసాధ్యం. ఇది ఈ రకం కర్వ్‌లకి గణితం ఇచ్చే హామీ. పైన P3 44, 39 దగ్గర ఉన్నప్పుడు చూడండి, P1 నుంచి P2కి వాలు 0.6, P2 నుంచి P3కి 0.625. దిశ ఒకసారి పైకి తిరిగింది, అక్కడే కోంబ్ కూడా దాటింది. పాయింట్ల మధ్య దూరాలు కూడా ఒకదానికొకటి పోలికగా ఉంచండి. రెండు పాయింట్లు దగ్గర దగ్గరగా గుమిగూడితే సాధారణంగా అక్కడ కోంబ్ నిటారుగా లేస్తుంది.

ఫోటోకి సరిగ్గా అతకడం లేదని మీకు అనిపిస్తుంది, ముఖ్యంగా మొదట్లో. అర మి.మీ. తేడా వస్తే వదిలేయండి. ఫోటోలో అంచు దగ్గర మసక, లెన్స్ వంపు, పర్‌స్పెక్టివ్ అన్నీ కలిసి ఫోటో తప్పు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫోటో మీద నమ్మకంతో కోంబ్‌ని పాడుచేసుకోవడం కన్నా, కోంబ్‌ని నమ్మి ఫోటోని వదిలేయడం మేలని నా గట్టి అభిప్రాయం. ఆ గీత మీద ఒక స్విచ్చో, కచ్చితమైన కొలతో ఆధారపడి ఉంటే వేరు సంగతి, అప్పుడు ఆ ఒక్క చోట కొలత పెట్టుకుని మిగతా పాయింట్లని సర్దండి.

6 పాయింట్లు నిజంగానే సరిపోకపోతే

బటన్ దగ్గర వేలు కూర్చునే పల్లం, వెనక ఎత్తు, రెండూ కావాలంటే సరిపోకపోవచ్చు. అప్పుడు కూడా మధ్యలో పాయింట్ దూర్చకండి, మళ్లీ ముక్కలు పుడతాయి. డిగ్రీ 7 పెట్టి 8 పాయింట్లకి వెళ్లండి. SolidWorks లో `Style Spline`కి ఆ ఆప్షన్ ఉంది. Fusion లో డిగ్రీ 5 దాకానే ఉంటుంది, కాబట్టి అక్కడ గీతని రెండు కర్వ్‌లుగా విడగొట్టాలి. విడగొట్టేది కోంబ్ పై గీత చదునుగా ఉన్న చోట, గుట్ట నడినెత్తిన గానీ లోయ అడుగున గానీ. కోంబ్ నిటారుగా ఎక్కుతున్న చోట కోస్తే రెండు ముక్కల్నీ కలపడం చాలా కష్టం.

కలిపిన చోట కోంబ్ ఇలా చెబుతుంది. చివరి పన్ను, మొదటి పన్ను రెండు వేరు దిక్కులకి వాలి ఉంటే టాంజెంట్ కూడా కలవలేదు, అక్కడ మూల ఉంది. ఒకే దిక్కుకి ఉండి ఎత్తు తేడా ఉంటే టాంజెంట్ మాత్రమే కలిసింది. మామూలు ఫిల్లెట్ వేసిన ప్రతి చోటా కనిపించే మెట్టు ఇదే, గ్లాసీ ఉపరితలం మీద రిఫ్లెక్షన్ అక్కడ చటుక్కున విరుగుతుంది. ఎత్తులు సమానమైతే వంపు కలిసింది, దీన్నే జీ2 అంటారు, చాలా వస్తువులకి ఇది చాలు. పై గీతలో కూడా మూల లేకపోతే జీ3. ఈ మౌస్‌లో అరచేయి భాగంలో అతుకు పడితే నేను జీ3 దాకా ప్రయత్నిస్తాను, కింద అంచు దగ్గర జీ2తో ఆపేస్తాను. అక్కడ 59 నుంచి 4కి పోవాలి, ఎలా చేసినా కోంబ్ కొండలా లేస్తుంది, అది ఉండాల్సిన కొండే.

అద్దం పెట్టి సగం గీసేవాళ్లకి ఒక హెచ్చరిక, మౌస్‌ని పై నుంచి చూసిన ఆకారానికి ఇది మీకూ అవసరం అవుతుంది. ఒక డబ్బా మూతని సగం ప్రొఫైల్ గీసి తిప్పిన మోడల్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. మధ్యలో టాంజెంట్ సరిగ్గా అడ్డంగా ఉంది, సౌష్ఠవం వల్ల రెండు వైపులా వంపు కూడా సమానమే, అయినా మూత నడుమ లేత మొనలా కనిపిస్తోంది. కోంబ్ పెడితే పళ్లు మధ్య గీత దాకా పెరుగుతూ వచ్చి అక్కడే శిఖరంలా ముగిశాయి. మధ్య గీత దగ్గర కోంబ్ పై గీత చదునుగా చేరేలా మూడో, నాలుగో పాయింట్లని సర్దాక మొన పోయింది. మీకు వీలైతే సగం గీయకుండా మధ్య గీతని దాటించి ఒకే కర్వ్‌గా, పాయింట్లని రెండు వైపులా సమానంగా పెట్టి గీయండి, ఈ తలనొప్పే ఉండదు.

కోంబ్ ఆ ఒక్క గీత గురించే చెబుతుంది. సైడ్ ప్రొఫైల్ శుభ్రంగా ఉన్నా దాని మీద లాఫ్ట్ చేసిన ఉపరితలం అడ్డంగా ఊగవచ్చు, అది సాఫ్ట్‌వేర్ ఉపరితలం మీద ప్రతిబింబంలా వేసి చూపే జీబ్రా చారల్లోనే తెలుస్తుంది. కొత్త గీతతో మోడల్ మళ్లీ కట్టాక ఆ చారలు ఒకసారి చూడండి.

ప్రింట్ తీసే ముందు చివరగా, ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్ సెట్టింగ్ కూడా చూడండి. మీ అలల్లో కొంత అక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు. డీవియేషన్ 0.1 మి.మీ. అని పెడితే, 66 మి.మీ. వ్యాసార్థం ఉన్న చోట ఒక్కో చదును ముక్క 7 మి.మీ. పైనే పొడవు వస్తుంది, పక్క ముక్కతో 6 డిగ్రీల తేడాతో. కోంబ్ ఎంత శుభ్రంగా ఉన్నా గ్లాసీ పెయింట్ కింద అవి పలకల్లా కనిపిస్తాయి. 0.01 పెడితే 2.3 మి.మీ.కి, 2 డిగ్రీలకి తగ్గుతుంది, మిగిలినది ప్రైమర్ వేసి రుద్దితే పోతుంది. ఇప్పుడు మీ దగ్గరున్న ప్రింట్‌లో తేడా ఇలా పట్టుకోండి: రిఫ్లెక్షన్ మెత్తగా ఊగుతూ పోతుంటే అది స్ప్లైన్ పని, ముక్కముక్కలుగా విరుగుతుంటే ఎస్‌టీఎల్ పని.